బెంగాలీ కుక్కర్ మాన్యువల్: దిద్దితే చాలా, తిరగరాయించాలా?

అడిగినవారు: ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ మాన్యువల్‌కు యంత్రం చేసిన బెంగాలీ అనువాదం మా చేతికి వచ్చింది. మర్యాద రూపాలు కలగాపులగంగా ఉన్నాయి, వాక్యాలు ఇంగ్లీషు వరసలో నడుస్తున్నాయి. దిద్దితే సరిపోతుందా, మొదటినుంచి రాయించాలా?

ఫైళ్లు చూసే ఉద్యోగి: తిరగరాయించడం అనవసరపు ఖర్చని నా అభిప్రాయం. బెంగాలీ క్రియకు లింగభేదం లేదు గనుక హిందీ ఫైళ్లలో పడే తంటా ఇక్కడ ఉండదు. చనువుగా 'నువ్వు' అనే 'తుమి' రూపాలను వెతికి, వాటి స్థానంలో మర్యాదగా 'మీరు' అనే 'ఆప్ని' రూపాలు పెట్టించండి. ఒక పూటలో తేలిపోతుంది.

ఖరగ్‌పూర్‌లో పెరిగిన అనువాదకురాలు: లింగం విషయంలో మీరన్నది నిజమే గాని, అలా వెతికి మార్చడంలోనే ప్రమాదం ఉందండీ. నేను సరిచూసిన ఒక ఫైలులో, మూత తెరవవద్దనే హెచ్చరికను యంత్రం 'ఢాక్‌నా ఖులో నా' అని ఇచ్చింది. అర్థం సరైనదే, కాని కొన్నవారిని చనువుగా 'నువ్వు' అన్నట్టుంది. మర్యాద కోసం ఎవరో 'ఖులో'ను 'ఖులున్' చేశారు. 'ఖులున్ నా' అంటే బెంగాలీ చెవికి, మనం 'కాస్త మూత తెరవరూ' అని బతిమాలినట్టే వినిపిస్తుంది. వద్దని చెప్పడానికి భవిష్యత్ రూపం వాడి 'ఖుల్‌బేన్ నా' అనాలి. ఆవిరితో నిండిన కుక్కర్ మీద ఈ కొద్ది అక్షరాల తేడా చెయ్యి కాలుస్తుంది.

వరస కూడా అంతే ముఖ్యం. 'పిన్ను కిందికి దిగేదాకా' అన్న షరతును యంత్రం క్రియ తర్వాత వేలాడదీయడంతో, అది మరుసటి పేజీకి జారిపోయింది. తెలుగులోలాగే బెంగాలీలోనూ షరతు ముందు, నిషేధం చివర ఉంటేనే చదివేవారు దాన్ని ఒకే ఊపిరిలో అందుకుంటారు. అందుకే హెచ్చరికలనూ వాడే విధానాన్నీ ఇంగ్లీషు మూలం పక్కన పెట్టుకుని కొత్తగా రాయించండి. విడిభాగాల పట్టికను మాత్రం దిద్దితే చాలు. అయితే ముందుగా పదాల జాబితా ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఆ ఫైలులో కరెంటుకు 'బర్తమాన్', అంటే 'ప్రస్తుతం', అని వచ్చింది.

మరొక పాఠకుడు: మా వాషింగ్ మెషీన్ తెలుగు పుస్తకంలో ఎర్తింగ్ వైరును 'భూమి తీగ' అన్నారు. ఎలక్ట్రీషియన్‌కు చదివి వినిపిస్తే, అతను బోల్టు చూసేదాకా అదేమిటో తెలియలేదు. దాన్ని ఎవరు సరిచేస్తారు?

ఫైళ్లు చూసే ఉద్యోగి: అది తెలుగు ఫైలు సంగతి, ఇక్కడి ప్రశ్న వేరు. 'ఖులున్ నా' గురించి నాకు తెలియదు. హెచ్చరికల వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినదంతా దిద్దుబాటుతోనే నడుస్తుందని ఇప్పటికీ అంటాను.

అడిగినవారు: ఈ కుక్కర్‌ను కోల్‌కతాతో పాటు ఢాకాలోనూ అమ్ముతారు. నీళ్లను 'జొల్' అనాలా, 'పాని' అనాలా?

అనువాదకురాలు: రెండు ఫైళ్లు చేయించమంటాను. బంగ్లాదేశ్ ముస్లిం ఇళ్లలో 'పాని' అన్నది రోజూ వాడే మాట, పశ్చిమ బెంగాల్ హిందువుల ఇళ్లలో 'జొల్'.

ఫైళ్లు చూసే ఉద్యోగి: ఆ రెండు మాటలూ ఇరువైపులా అర్థమయ్యేవే కదా, అందుకోసం మరో ఫైలు దేనికి?

అనువాదకురాలు: అర్థమవడం వేరు, తమ కోసం రాసినట్టు అనిపించడం వేరు. ఇందులో మీతో ఏకీభవించలేను.