299, 799, 3599... రోజు లెక్కన ఏది నయం?

గోదారి_గట్టు
మా ఇంట్లో మూడు జియో సిమ్‌లు ఉన్నాయి, మూడూ ఈ వారంలోనే అయిపోతున్నాయి. నాది హైదరాబాద్‌లో. ఆఫీసులోనూ రూములోనూ వైఫై ఉంది, బయట రోజుకి అర జీబీ కూడా వాడను. అమ్మ ఊళ్ళో ఉంటుంది, కీప్యాడ్ ఫోను. తమ్ముడు విజయవాడ హాస్టల్లో, వాడికి వైఫై లేదు. ఇంతకాలం ముగ్గురికీ కళ్ళు మూసుకుని 299 కొట్టిస్తున్నాను, 28 రోజులు, రోజుకి 1.5 జీబీ. 84 రోజులకి 799, ఏడాదికి 3599 కనిపిస్తున్నాయి. ఎవరికి ఏది వేయాలి? కాస్త లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_కుర్రాడు
ఇందులో ఏముంది అన్నా, రేటుని రోజులతో భాగించడమే. 299ని 28తో భాగిస్తే 10.68. 799ని 84తో భాగిస్తే 9.51. 3599 అయితే 9.86. 84 రోజులదే చవక. నేను ఎప్పుడూ అదే వేస్తాను. ముగ్గురికీ కొట్టించెయ్, అయిపోయింది.

వంటింటి_పద్మ
28 రోజుల్ని నెల అని అమ్మడం ఎవరు మొదలుపెట్టారో గానీ! జీతం 1వ తారీఖున వస్తుంది. రీఛార్జ్ మాత్రం ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకి జరిగి, చివరికి నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు వచ్చి కూర్చుంటుంది. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. ఆ పదమూడో రీఛార్జ్ ఎవరి లెక్కలోనూ ఉండదు.

కొట్టు_రాజు
పద్మక్కా, 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున వచ్చేది ఒకటి ఉండి తీరాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది. ఉన్నాయి కూడా. మా షాపులో అడిగేవాళ్ళే లేరు. జనం కౌంటరు దగ్గరికొచ్చి "తక్కువలో ఏముంది?" అంటారు గానీ "ఎన్ని రోజులు?" అని అడిగేవాళ్ళు పదిమందిలో ఒక్కరుండరు.

లెక్కల_మాస్టారు
ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఒక మాట చెప్తాను, కడప బాబు ఏమనుకోకూడదు. నీ భాగహారం తప్పు కాదు, ఆపిన చోటు తప్పు.

84ని నాలుగుతో గుణిస్తే 336. ఏడాదికి ఇంకా 29 రోజులు కావాలి. ఆ 29 రోజులకి మళ్ళీ 299 వేస్తావు కదా? నాలుగు 799లు 3196, దానికి 299 కలిపితే 3495. అప్పటికి 364 రోజులు వచ్చాయి. పదమూడు సార్లు 299 అయితే 3887. ఏడాది ప్లాన్ 3599. అంటే నీ 84 రోజుల దానికీ ఏడాది దానికీ తేడా 104 రూపాయలే. ఆ 104కి రోజుకి 1.5 జీబీ కాస్తా 2.5 అవుతుంది. ఇది కూడా చూసి చెప్పాలి.

కడప_కుర్రాడు
మాస్టారూ, 336 రోజులయ్యాక నేను ఇంకో 84 వేస్తాను. 299 ఎందుకు వేస్తాను? ఫోను ఏడాది చివర ఆగిపోదు కదా! అప్పుడు ఎప్పటికీ రోజుకి 9.51యే.

లెక్కల_మాస్టారు
అదీ నిజమే. ఒప్పుకుంటున్నాను. కానీ గోదారి వాళ్ళ తమ్ముడికి నీ లెక్క పనికిరాదు. వాడికి వైఫై లేదని పోస్టులోనే ఉంది, 1.5 ఎక్కడ చాలుతుంది?

సిద్దిపేట_చిన్నోడు
ఏడాది ప్లాన్ జోలికి పోకండి అన్నా. నేను పోయిన ఏడాది మూడు వేల పైచిలుకు ఒకేసారి కట్టిన. కంపెనీ పేరు చెప్పను. ఐదు నెలలకి మా ఊరి టవర్ దగ్గర ఏమైందో, ఇంట్లో సిగ్నల్ పోయింది. కాల్ రావాలంటే మిద్దె ఎక్కాలె. చివరికి వేరేదానికి పోర్ట్ పెట్టుకున్న. మిగిలిన ఏడు నెలలు గంగలో కలిసినయి, ఒక్క రూపాయి వాపస్ రాలేదు. 150 రోజులకి లెక్కేస్తే రోజుకి ఇరవై దాటింది. ఇప్పుడు చెప్పండి ఏది చవకో.

కొట్టు_రాజు
ప్రీపెయిడ్‌లో పోర్ట్ పెడితే మిగిలిన రోజులూ, బ్యాలెన్సూ పోతాయి తమ్ముడూ. అది ఏ కంపెనీకైనా అంతే. సిగ్నల్ మీద నమ్మకం లేని చోట 28 రోజులదే మంచిది. రేటు ఎక్కువ పడ్డా మునిగేది ఒక నెలే.

లెక్కల_మాస్టారు
ఇంకో వైపు కూడా ఉంది. 2024 జూలైలో రేట్లు పెరిగినప్పుడు, అంతకు ముందే ఏడాదికి వేసుకున్నవాళ్ళు పాత రేటుకే నడిపించుకున్నారు. 2999 కాస్తా 3599 అయింది అప్పుడే. మా ఇంట్లో రెండు నంబర్లకి 1200 మిగిలింది.

సిద్దిపేట_చిన్నోడు
మీకు మిగిలింది, నాకు పోయింది. మీ ఊర్లో టవర్ బాగుంది మాస్టారు, అంతే తేడా. అందరికీ ఏడాది ఏడాది అని చెప్పకండి.

లెక్కల_మాస్టారు
నేను అందరికీ చెప్పానా? పోస్టు చదివి మాట్లాడండి.

దోహా_దారి
గొడవలు తర్వాత. నాది వేరే బాధ. నేను ఖతర్‌లో ఉంటాను, ఇండియా నంబరు బ్యాంకు ఓటీపీల కోసమే. నెలకి మూడు ఎస్సెమ్మెస్‌లు వస్తే గొప్ప. దానికి 299 దండగ కాదా? బ్యాలెన్స్ 20 రూపాయలు ఉంటే చాలు, నంబరు పోదు అని మా రూమ్మేట్ అంటున్నాడు.

కడప_కుర్రాడు
నిజమే అన్నా. 20 ఉంచితే ఏడాదంతా నడుస్తుంది. ట్రాయ్ రూల్.

లెక్కల_మాస్టారు
మళ్ళీ సగం మాట. ఆ రూల్ నంబరుని ఇంకొకరికి ఇవ్వకుండా ఉంచడానికి. 90 రోజులు అసలు వాడకపోతే నంబరు రద్దు చేయవచ్చు, 20 రూపాయలుంటే అది తీసుకుని 30 రోజులు పొడిగిస్తారు. అంతే గానీ ఆ 20తో సర్వీసు నడవదు. ప్లాన్ అయిపోయాక ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, తర్వాత ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. నంబరు నీ పేరునే ఉంటుంది, ఓటీపీ మాత్రం రాదు. బ్రదర్‌కి కావలసింది ఓటీపీ కదా?

దోహా_దారి
అదే మాస్టారూ. ఒకసారి అలాగే డిపాజిట్ రెన్యువల్ టైములో ఓటీపీ రాక రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

కొట్టు_రాజు
డేటా లేని ప్లాన్లు వచ్చాయి అన్నా, 2025 జనవరిలో. కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే. ట్రాయ్ చెప్తే పెట్టారు. జియోలో 84 రోజులకి 448, 336 రోజులకి 1748. ఎయిర్‌టెల్‌లో 84కి 469, ఏడాదికి 1849. రోజుకి ఐదు రూపాయల చిల్లర. అక్కడ రోమింగ్ ఆన్ చేయించుకున్నావా లేదా అది మాత్రం చూసుకో.

గోదారి తమ్ముడూ, మీ అమ్మగారికి కూడా ఇదే. కీప్యాడ్ ఫోనుకి రోజుకి 1.5 జీబీ ఎందుకు కట్టిస్తున్నావో నాకర్థం కాలేదు.

గోదారి_గట్టు
నిజంగా ఆ ఆలోచనే రాలేదు రాజన్నా. ఏడాదికి 3887 కడుతున్నాను అమ్మకి. 1748 అయితే సగం కూడా కాదు.

వంటింటి_పద్మ
కానీ అది 336 రోజులే కదా? పేరుకి "ఏడాది"లా కనిపిస్తుంది. పదకొండు నెలలు.

లెక్కల_మాస్టారు
శభాష్ అమ్మా. 1748ని 336తో భాగిస్తే 5.20. అవతలి 1849ని 365తో భాగిస్తే 5.07. పైకి 101 ఎక్కువ కనిపించేది నిజానికి రోజుకి 13 పైసలు తక్కువ. అయితే వాళ్ళమ్మగారి ఊళ్ళో ఏది పలుకుతుందన్నది ముందు. 13 పైసల కోసం సిమ్ మార్చమని నేను చెప్పను.

హాస్టల్_బాబ్జీ
తమ్ముడి సంగతి ఎవరూ మాట్లాడరేంటి? నేనూ హాస్టలే. 299 వేసుకుని రాత్రి ఎనిమిదికల్లా 1.5 అయిపోతుంది, స్పీడు 64 కేబీకి పడిపోతుంది. వాట్సాప్‌లో ఫొటో కూడా తెరుచుకోదు. అప్పుడు 19 పెట్టి 1 జీబీ ప్యాక్. నెలలో ఎనిమిది సార్లు వేశాననుకోండి, 152. మొత్తం 451. 349 వేసుకుని ఉంటే రోజుకి 2 జీబీ, 5జీ అపరిమితం వచ్చేది! రెండు నెలలు ఇలాగే తగలేశాను.

కడప_కుర్రాడు
5జీ అన్నిటికీ ఫ్రీ కదా?

హాస్టల్_బాబ్జీ
అది పాత ముచ్చట. రేట్లు పెరిగినప్పటి నుంచి రోజుకి 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే. 299కీ 799కీ రాదు. అందుకే చెప్తున్నా, 799 కాదు 859 చూడండి. అదీ 84 రోజులే. 60 రూపాయలు ఎక్కువ, రోజుకి 71 పైసలు. ఆ 71 పైసలకి 5జీ అపరిమితం. 28 రోజుల దాంట్లో అదే తేడాకి 50 తీసుకుంటున్నారు, రోజుకి దాదాపు 1.80. నాకు ఇది కనిపెట్టడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

సిద్దిపేట_చిన్నోడు
5జీ ఫోను, 5జీ టవర్ రెండూ ఉంటేనే. మా ఊర్లో వేసుకుంటే ఆ 71 పైసలు కూడా దండగే.

లెక్కల_మాస్టారు
బాబ్జీ మాట బంగారం. అయితే 859 రోజుకి 10.23 పడుతుంది. 3599 రోజుకి 9.86, అందులోనూ 5జీ ఉంది. తమ్ముడికి చదువు ఇంకా ఏడాది పైన ఉంటే, హాస్టల్లో సిగ్నల్ బాగుంటే, 3599యే తక్కువ. ఇక్కడ 84 రోజులది చవక కాదు, కడప బాబూ.

కడప_కుర్రాడు
సరే మాస్టారూ, ప్రతిసారీ నా పేరు ఎత్తక్కర్లేదు.

కొట్టు_రాజు
3599 ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తారండీ? మా దగ్గర మేస్త్రీ పనికి వెళ్ళేవాళ్ళకి కూలి వారానికోసారి. చేబదులు తెచ్చి ఏడాదికి కట్టి, దానికి వడ్డీ కడితే మీ 9.86 ఎక్కడికి పోతుందో ఒకసారి లెక్కేయండి. వాళ్ళు 28 రోజులది వేసుకోవడం తెలివి తక్కువై కాదు.

లెక్కల_మాస్టారు
అది కాదనను.

గోదారి_గట్టు
అందరికీ థాంక్స్. అమ్మకి 1748 ఇప్పుడే కొట్టించాను. తమ్ముడికి 859, వేసవిలో ఇంటికొచ్చేస్తాడు కాబట్టి ఏడాదిది వద్దనుకున్నాను. ఇక నాది. 299లో 42 జీబీ వస్తే నేను వాడేది పన్నెండు, పద్నాలుగు. మిగిలింది ఏ రోజుది ఆ రోజే అర్ధరాత్రికి పోతోంది. 189కి 28 రోజులు 2 జీబీ అంటే చాలదు. మధ్యలో ఏమీ లేదా?

వంటింటి_పద్మ
ఆ మధ్యదే కావాలనే పెట్టరు బాబూ.

గోదారి_గట్టు
ఇంకొకటి. పాత ప్లాన్ ఇంకా మూడు రోజులుంది. ఇప్పుడే వేస్తే ఆ మూడు రోజులు పోతాయా, కలుస్తాయా?

హాస్టల్_బాబ్జీ
నాకు క్యూలో పడింది, పాతది అయ్యాకే మొదలైంది.

సిద్దిపేట_చిన్నోడు
నాకు పడలేదు. వేసిన రోజు నుంచే లెక్కేసిండ్రు. కంపెనీ వేరు లెండి.

దోహా_దారి
రాజన్నా, ఆ 1849 ఇక్కడి నుంచి యాప్‌లో వేయొచ్చా, లేక మా నాన్నని మీలాంటి షాపుకి పంపాలా?