చదువుతూ జుట్టు పీక్కుంటోంది, ఎవరైనా మాన్పించారా?

కావలి_తల్లి: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకం పట్టగానే ఎడమ చెయ్యి నడినెత్తికి పోతుంది. అక్కడ రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు. తిట్టవద్దని, చెయ్యి లేచే క్షణాన్ని తనే పట్టుకోవడం నేర్పుతామని నెల్లూరులో కౌన్సెలర్ అన్నారు. ఎన్నాళ్లు పడుతుంది?

ఒంగోలు_బాబాయి: అది పేనుకొరుకుడమ్మా. ఉల్లిరసం రాయండి.

క్షౌరశాల30: ముప్పై ఏళ్లుగా తలలు చూస్తున్నాను. పేనుకొరుకుడైతే ఆ చోటు నున్నగా ఉంటుంది. పీకిన చోట పొట్టివీ పొడుగువీ కలిసి వేలికి గరుకుగా తగులుతాయి. గుండు కొట్టించండి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

గూడూరు_టీచర్: పదో తరగతిలో నాకూ తిరుమలలో గుండు చేయించారు. వారం తిరగకుండా కనుబొమలు పీకడం మొదలుపెట్టాను!

క్షౌరశాల30: మొక్కును ఎగతాళి చేయకండి.

గూడూరు_టీచర్: మొక్కును ఎవరన్నారు? మీ వైద్యాన్ని అన్నాను.

ఒంగోలు_బాబాయి: ఉల్లిరసం మా మేనల్లుడికి పనిచేసింది.

గూడూరు_టీచర్: మీ మేనల్లుడు పీక్కున్నాడా? లేదు కదా! ఇక అసలు సంగతి. నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, పీకకుండా ఆ పనినే చాలా నెమ్మదిగా చేసి చూపమన్నారు. మోచెయ్యి బల్లకు ఆనుతుంది, వేళ్లు చెవి పక్కగా పైకి పోతాయి, బిరుసు వెంట్రుక కోసం వెదుకుతాయి. పీకడం చివరి మెట్టని అప్పుడే తెలిసింది. తర్వాత మాటల మధ్య చెయ్యి లేచినప్పుడల్లా చూపుడు వేలు ఎత్తాలి. మొదట్లో వెంట్రుక చేతికొచ్చాకే గుర్తొచ్చేది, పోనుపోను మోచెయ్యి ఆనగానే తెలిసేది. అప్పుడు పిడికిలి బిగించి నిమిషం సేపు ఒడిలో ఉంచాలి. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చెప్పిన పద్ధతే ఇది. నాకు మూడు నెలలు పట్టింది. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఇప్పటికీ చెయ్యి లేస్తుంది.

ఉలవపాడు_కుర్రాడు: నాకు తెలియక కాదు, తెలిసే గిల్లుతాను. మొటిమ కనబడితే అద్దం ముందు అరగంట. మరి నాకెందుకు ఈ సాధన?

గూడూరు_టీచర్: గిల్లడం తెలుసు సరే, అద్దం దగ్గరకు ఎందుకు వెళ్లావో తెలుసా? అంతకు ముందు బుగ్గమీద వేలు తిరిగి ఉంటుంది, లేదా ఎవరో ఏదో అని ఉంటారు. అది రాసుకో.

ఉలవపాడు_కుర్రాడు: రాశాను. రాసిన పుస్తకం పక్కన పెట్టుకునే గిల్లాను. వాష్‌బేసిన్ పైన బల్బు తీసేశాక కొంత తగ్గింది.

గూడూరు_టీచర్: అదీ పనికొచ్చేదే. నీలా తెలిసి చేసేవారికి ఇదొక్కటే చాలదేమో, కౌన్సెలర్‌ను అడుగు. కావలి అమ్మా, పీకిన వెంట్రుకలు ఏమవుతున్నాయి? మింగితే కడుపులో ఉండలా చేరతాయి, ఆపరేషన్ దాకా పోవచ్చు.

క్షౌరశాల30: పిల్లను భయపెడుతున్నారు.

కావలి_తల్లి: ఇప్పుడే బల్ల కింద, దిండు కింద చూశాను. ఒక్కటీ లేదు. ఈ నెలలో రెండుసార్లు కడుపు నొప్పి అంది. రేపు డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్తాను.