“రా. 00.25”: రాకా, రాత్రా?

పాలమూరు పిల్ల: మా అక్క కొడుకు మొదటిసారి ఒక్కడే మహబూబ్‌నగర్‌ల రైలెక్కి కాచిగూడ పోవాలె. ఎవరో టైంటేబుల్ ఫోటో పంపిన్రు. మన స్టేషన్ దగ్గర “రా. 00.25, పో. 00.27” అని ఉంది. బండి నంబరు పక్కన చుక్క గుర్తు. కింద ఆ గుర్తుకు “బు., శు.” అని, తర్వాత “...స్టేషను నుండి బయలుదేరు దినములు” అని ఉంది. ముందు మాట ఫోటోల తెగిపోయింది. ఆ వాక్యం ఎక్కడో చదివిన, నోట్లనే ఉంది గానీ పూర్తిగ వస్తలేదు. “రా” అంటే రాత్రే గదా?

జడ్చర్ల అన్న: రాత్రే. పేపర్ల రైళ్ల వేళలు వేసేటప్పుడు ఉ., సా., రా. అనే వేస్తరు.

మిర్యాలగూడ మాస్టారు: పన్నెండు గంటల లెక్కలో వేసే చోట మీరన్నది నిజం. ఇక్కడ 00.25 అని ఉంది. ఇరవై నాలుగు గంటల లెక్క ఉన్నచోట రాత్రి అని వేరే చెప్పే పని లేదు. పక్కనే “పో.” ఉంది గనుక ఇది రాక. అనుమానముంటే పట్టికలో మొదటి స్టేషను, చివరి స్టేషను చూడండి. బండి మొదలయ్యే చోట రాక గడి ఖాళీగా ఉంటుంది, ఆగిపోయే చోట పోక గడి ఖాళీగా ఉంటుంది. రాత్రి అయితే అట్లా ఖాళీ ఉండదు.

గద్వాల పద్యం: రాక ముందు, పోక వెనుక. “సిరి దా వచ్చిన వచ్చును” అని మొదలుపెట్టి “సిరి దా బోయిన బోవును” అన్నడు బద్దెన. రైలు పట్టిక కూడా అదే వరుస!

జడ్చర్ల అన్న: ఆ శతకం బద్దెనదే అని అందరూ ఒప్పుకోలేదు సారూ.

గద్వాల పద్యం: ఒప్పుకోనోళ్లు ఇంకొక పేరు చూపించాలె గద. ఆ కందం నడక చూడు, కొబ్బరికాయలోకి నీళ్లు వచ్చినంత మెల్లగ వస్తది.

నల్లగొండ తమ్ముడు: మా దిక్కు గుంటూరు బండికి జనరల్ టికెట్ కొన్నంక, అది సూపర్‌ఫాస్ట్ అని ఇంకో 15 రూపాయలు అడిగిన్రు. ముందు నంబరు చూడమను. 12తో మొదలైతే సూపర్‌ఫాస్ట్, 17 అయితే మామూలు ఎక్స్‌ప్రెస్.

మిర్యాలగూడ మాస్టారు: తమ్ముడూ, 12 మాట నిజమే, కానీ 20, 22తో మొదలయ్యేవాటిలోనూ సూపర్‌ఫాస్ట్‌లున్నాయి. 17లో ఆ 7 దక్షిణ మధ్య రైల్వే వైపు గుర్తు. అమ్మా, మీ ఫోటోలో నంబరు దేనితో మొదలైంది?

పాలమూరు పిల్ల: సున్నా. 07 అని ఉంది.

మిర్యాలగూడ మాస్టారు: అయితే అది స్పెషల్ బండి. స్పెషల్స్‌ను కొన్ని తేదీల మధ్యనే నడుపుతారు. తెగిపోయిన ఫుట్‌నోట్‌లో ఆ తేదీలు కూడా పోయి ఉండొచ్చు. పాత ఫోటో అయితే ఆ బండే ఉండకపోవచ్చు.

ఇక మీ నోట్లో ఆడుతున్న వాక్యం “ప్రారంభ స్టేషను నుండి బయలుదేరు దినములు” అయి ఉండాలి. అసలు చిక్కు అక్కడే. బుధవారం సాయంత్రం ఎక్కడో మొదలైన బండి మహబూబ్‌నగర్ చేరేసరికి 00.25, అంటే గురువారం. పిల్లవాడు బుధవారం రాత్రి అన్నం తిని స్టేషనుకు రావాలి, టికెట్ మీద తేదీ మాత్రం గురువారానిది ఉండాలి. రోజూ నడిచే బండికి బుధవారం తేదీ వేసి కొంటే, ఆ బండి మంగళవారం అర్ధరాత్రి దాటగానే వెళ్లిపోయి ఉంటుంది.

జడ్చర్ల అన్న: తెగిపోయిన మాట “ఈ” అయితే? “ఈ స్టేషను నుండి” అని గోడ బోర్డుల మీద రాయరా? అప్పుడు బుధవారం 00.25 అంటే మంగళవారం రాత్రే స్టేషన్‌కు పోవాలె.

మిర్యాలగూడ మాస్టారు: అది ఒకే స్టేషను బోర్డయితే మీ మాట నిలుస్తుంది. ఇందులో అన్ని స్టేషన్లూ వరుసగా ఉన్నాయి, అన్నిటికీ కలిపి ఒకటే చుక్క. చుక్క మన స్టేషను వేళ పక్కన ఉంటే వేరే సంగతి, నంబరు పక్కన ఉంది గనుక బండి మొత్తానికి వర్తిస్తుంది.

గద్వాల పద్యం: ఫోటో పెద్దది చేసి చూసిన. రెండోది “శు” కాదు, “శ”. కొమ్ము అనుకున్నది కాగితం మడత.

పాలమూరు పిల్ల: అంటే శుక్రవారం కాదు, శనివారమా?

జడ్చర్ల అన్న: మడత అయితే పై వరుసలో కూడా గీత కనపడాలె. కనపడతలేదు. అది కొమ్మే.

గద్వాల పద్యం: పై వరుసలో ఆ చోట అక్షరమే లేదు, ఎట్ల కనపడతది?

మిర్యాలగూడ మాస్టారు: ఈ కొమ్ము మీద టికెట్ కొనకండి. రైల్వే వాళ్ల రైళ్ల సమాచార యాప్ NTES లో ఆ అయిదంకెల నంబరు కొట్టి చూడండి, లేదా 139కి ఫోన్ చేయండి. బండి ఉందో లేదో, ఏ రోజుల్లో మొదలవుతుందో తెలుస్తుంది. స్టేషన్ల వరుసలో మహబూబ్‌నగర్ పక్కన Day అన్న గడిలో 2 అని ఉంటే, మొదలైన రోజుకు ఒకటి కలపండి.

గద్వాల పద్యం: 2 ఉన్నా లేకున్నా, అది “శ” నే.