షేర్లు అమ్మేయాలా, కాలర్ వేయాలా?

పాలకొల్లు_620: నాన్నగారు కొన్న ఒక పెద్ద కంపెనీ షేర్లు 620 ఉన్నాయి. ఇప్పుడు ధర 1,400. వచ్చే నెలాఖరుకి అమ్మాయి పెళ్లి ఖర్చులకి డబ్బు కావాలి. ఈలోగా ధర పడిపోతుందేమోనని టెన్షన్. అమ్మడానికి మనసు ఒప్పట్లేదు. నిర్ణీత ధరకి అమ్మే హక్కు అయిన పుట్ కొని, నిర్ణీత ధరకి కొనే హక్కు అయిన కాల్ వేరేవాళ్లకి అమ్మితే, అదే కాలర్ వేస్తే, సరిపోతుందా అండీ?

భీమవరం_ట్రేడర్: సరిపోతుంది అన్నా. కాల్ అమ్మిన డబ్బుతో పుట్ వచ్చేస్తుంది, ఫ్రీ ఇన్సూరెన్స్. నేను మూడుసార్లు వేశాను, చేతి నుంచి రూపాయి పోలేదు.

ఏటిగట్టు: ఫ్రీ అనే మాట ఒప్పుకోను తమ్ముడూ. చేతి నుంచి పోలేదంటే, పైకి రావలసింది వదులుకున్నావన్నమాట. లెక్క వేద్దాం. ఈ కంపెనీ లాట్, అంటే ఒక్కో ఆప్షన్‌లో ఉండే షేర్ల సంఖ్య, 500 అనుకోండి. 1,330 పుట్ 14 రూపాయలకు కొని, 1,480 కాల్ 11 రూపాయలకు అమ్మితే షేరుకి 3 చొప్పున నికర ఖర్చు 1,500. ఆప్షన్ గడువు తీరే ఎక్స్‌పైరీ నాటికి ధర 1,250 అయితే 500 షేర్ల విలువ 6,25,000, పుట్ ఇచ్చేది 40,000. ఖర్చు తీసేస్తే 6,63,500. అంతకంటే ఎంత పడినా ఇదే అడుగు. అదే ధర 1,560కి వెళితే మీకు మిగిలేది 7,38,500. కాలర్ లేకపోతే 7,80,000 ఉండేది. ఆ 41,500 పుట్‌కి మీరు కట్టిన అసలు వెల. ధర 1,330కీ 1,480కీ మధ్య ఆగితే రెండు ఆప్షన్లూ ఉత్తివైపోతాయి, షేర్లు మీ దగ్గరే ఉంటాయి.

ఇంకో సంగతి. లాట్ 500 అయితే మిగతా 120 షేర్లు గట్టు బయటే. వాటికి ఏ రక్షణా లేదు.

ఉండి_చెరువు: అయితే నా దగ్గర రొయ్యల మేత కంపెనీ షేర్లు 2,000 ఉన్నాయి, వాటికీ ఇలాగే వేయొచ్చు కదా? ఈ ఏడాది కౌంట్ రేట్లు చూస్తే భయంగా ఉంది.

ఏటిగట్టు: వేయలేరండి. ఎన్‌ఎస్‌ఈలో ఎంపిక చేసిన కొన్ని కంపెనీలకే ఆప్షన్లు ఉంటాయి. మీ కంపెనీ పేరు ఆ జాబితాలో లేదు. నిఫ్టీ పుట్ కొంటే మార్కెట్ మొత్తం పడినప్పుడు పనికొస్తుంది గానీ, రొయ్యల ధర ఒక్కటే పడితే అది మిమ్మల్ని కాపాడదు.

భీమవరం_ట్రేడర్: షేర్లు చేతిలో ఉన్నప్పుడు కాల్ అమ్మడానికి మార్జిన్, అంటే పూచీ డబ్బు, ఎందుకు అడుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏటిగట్టు: ఎక్స్ఛేంజ్ లెక్కలో మీ డీమ్యాట్ షేర్లు కనబడవు. దానికి కనబడేది పుట్ కొనడం, కాల్ అమ్మడం. రెండూ ధర పడితే లాభపడే బేరాలే. అందుకే పుట్ ఉన్నా కాల్ మార్జిన్ పెద్దగా తగ్గదు, 7 లక్షల లాట్‌కి లక్ష పైనే ఉంటుంది. షేర్లు ప్లెడ్జ్, అంటే తాకట్టు, పెట్టొచ్చు గానీ మార్జిన్‌లో సగం నగదు, లేదా నగదుతో సమానమైనది ఉండాలి, లేకపోతే బ్రోకర్ వడ్డీ వేస్తాడు. ధర పెరిగే కొద్దీ మార్జిన్ కూడా పెరుగుతుంది. షేర్ల లాభం కాగితం మీదే ఉంటుంది, అడిగేది మాత్రం నగదు. నా బ్రోకర్ దగ్గర ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాను. భయపడి కాల్ వెనక్కి కొనేశాను, వారం తిరక్కుండా ధర దిగింది. కాలర్ చెడేది ఎక్కువగా ఇలా మధ్యలో రెండు ఆప్షన్లలో ఒకదాన్ని తీసేసినప్పుడే.

అమలాపురం_అకౌంటెంట్: పన్ను కూడా చూడండి. పుట్ మీద వచ్చిన లాభం వ్యాపార ఆదాయం కింద మీ శ్లాబు ప్రకారం పడుతుంది. షేర్లు అమ్మి నష్టపోతే అది మూలధన నష్టం, దాన్ని ఆ ఆదాయంలో తగ్గించుకోలేరు. నా మాట వింటే పెళ్లికి కావలసినంత మేర ఇప్పుడే అమ్మేయండి. ముహూర్తం వాయిదా పడదు కదా.

పాలకొల్లు_620: కావలసింది అయిదు లక్షలండి. నాన్నగారి గుర్తుగా కొన్నయినా ఉంచుకోవాలని ఉంది. ఎక్స్‌పైరీ రోజు ధర 1,500 ఉంటే షేర్లు పోతాయా?

ఏటిగట్టు: పోతాయి. 2019 నుంచి షేర్ ఆప్షన్లన్నీ డెలివరీతోనే తీరతాయి. 1,480కి 500 షేర్లు ఇవ్వాలి. అవి ప్లెడ్జ్‌లో ఉంటే ముందే విడిపించుకోవాలి, లేదంటే ఎక్స్ఛేంజ్ వేలంలో కొనిచ్చి ఆ నష్టం మీ మీద వేస్తుంది. ఉంచుకోవాలంటే ఎక్స్‌పైరీకి ముందే కాల్ తిరిగి కొనేయాలి, 20 రూపాయలు పెట్టయినా సరే. పుట్ లాభంలో ఉంటే అదీ ముందే అమ్ముకోండి, షేర్లు డెలివరీ ఇవ్వక్కర్లేదు.

అయితే అయిదు లక్షలకి సుమారు 360 షేర్లు అమ్మాలి. అమ్మాక మిగిలే 260కి లాట్ సరిపోదు. కాలర్ వేస్తే 500 షేర్ల మీదే వేయాలి, అమ్మకం పెళ్లి దగ్గరికి వచ్చాకే. అకౌంటెంట్ గారి మాట తీసిపారేయడానికి లేదు. నా వరకు మాత్రం, మార్జిన్‌కి లక్షా యాభై వేలు విడిగా ఉంటేనే వేయమంటాను.

భీమవరం_ట్రేడర్: 1,460 కాల్ అమ్మితే ఆ మూడు రూపాయల ఖర్చు కూడా ఉండదు. నేనైతే అదే వేస్తాను.

పాలకొల్లు_620: విడిగా ఉన్నది ఎనభై వేలే. రేపు 120 షేర్లు అమ్మి మండపం అడ్వాన్స్ కడతాను. మిగతా 500 సంగతి ఇంట్లో మాట్లాడి రాస్తానండి.