రామ్సే పన్ను లెక్క: ఉప్పుకు 100, బిస్కెట్లకు 25 ఎలా వచ్చాయి? నాకు రెండున్నర రెట్లే వస్తోంది

పీజీ రెండో ఏడు
పొద్దున్నుంచి ఈ ఒక్క లెక్క మీదే కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర ఒక శాతం పెరిగితే అమ్మకం ఎంత శాతం తగ్గుతుందన్నది, ఉప్పుకు 0.2, బిస్కెట్లకు 0.5. ప్రభుత్వానికి 1094 రూపాయలు రావాలి. జనానికి నష్టం వీలైనంత తక్కువగా ఉండేలా పన్ను రేట్లు చెప్పమన్నారు. విలోమ వ్యాకోచత్వ సూత్రం ప్రకారం వ్యాకోచత్వం తక్కువున్న సరుకు మీద పన్ను ఎక్కువ వేయాలి కదా. 0.5ను 0.2తో భాగిస్తే 2.5. అంటే ఉప్పు పన్ను బిస్కెట్ పన్నుకు రెండున్నర రెట్లు ఉండాలి. జవాబులో మాత్రం ఉప్పుకు 100 శాతం, బిస్కెట్లకు 25 శాతం అని ఉంది. అది నాలుగు రెట్లు! Excelలో Goal Seek పెడితే ఒకసారి 89, 36 దగ్గర ఆగింది, ఇంకోసారి #NUM! అని చూపించింది. జవాబే తప్పా? రేపు అప్పగించాలి, ఎవరైనా చూడండి.

లెక్కల గది
పన్నుకు ముందు ధర ఎంత? డిమాండ్ సమీకరణం ఏది? రేటు ఏ ధర మీద? ఇవి ఇవ్వకుండా లెక్క ఎలా చూడమంటారు?

చరిత్ర పుటలు
లెక్క సంగతి తర్వాత. అసలు ఉప్పును ఉదాహరణగా తీసుకున్నవాళ్లు ఏం చెప్పదలచుకున్నారో ముందు ఆలోచించండి. ఉప్పు లేకుండా ఏ ఇల్లూ గడవదు, ఎంత పన్ను వేసినా కొనక తప్పదు. తెల్లదొరల ప్రభుత్వం ఆ ఆసరాతోనే దశాబ్దాల పాటు వసూలు చేసుకుంది. గాంధీ 1930 మార్చి 2న వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరంలో పేదవాడి దృష్టితో చూస్తే ఇంతకంటే అన్యాయమైన పన్ను లేదన్నాడు. నెల తిరిగాక దండిలో ఉప్పు తీశాడు. ‘డిమాండ్ తగ్గదు కాబట్టి పన్ను వేయండి’ అనే సూత్రం ఆ ఉప్పు పన్నుకు వత్తాసు పలకడమే.

కిరాణా వర్తకం
ఉప్పుకు జీఎస్టీ సున్నా అండీ. బిస్కెట్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అంతకుముందు 18. మీ 100, 25 ఏ స్లాబులోనూ లేవు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేటు తప్పు పడిందేమో చూసుకోండి. ఇంకొకటి, ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. 18 శాతం ఉన్నప్పుడు 118 రూపాయల సరుకులో పన్ను 18 రూపాయలు, అంటే ఎమ్మార్పీలో 15.25 శాతమే. చాలామంది ఎమ్మార్పీ మీద 18 శాతం తీసేసి లెక్క తప్పుతారు.

పన్ను లెక్క
కిరాణా వర్తకం గారు వేరే సంగతి చెబుతున్నారు గానీ, మీ జవాబు ఆయన మాటలోనే ఉంది. సూత్రంలో వచ్చే నిష్పత్తి పన్ను కలిసిన ధరలో పన్ను వాటా, ఆయన భాషలో ఎమ్మార్పీలో వాటా. మీరు పెట్టిన 2.5 ఆ వాటాల మధ్య ఉండాలి. మీ ప్రశ్నలో శాతాలు ఫ్యాక్టరీ ధర మీద అడిగి ఉంటారు. ఒకసారి ప్రశ్న పూర్తిగా రాయండి.

పీజీ రెండో ఏడు
అవునండీ, కింద చిన్న అక్షరాల్లో ఉంది, పట్టించుకోలేదు. రెండింటికీ ఫ్యాక్టరీ ధర 10 రూపాయలు, అది మారదు. పన్ను లేనప్పుడు చెరో 100 ప్యాకెట్లు అమ్ముడవుతాయి. వ్యాకోచత్వం ఏ ధర దగ్గరైనా అంతే. ‘రేటు ఫ్యాక్టరీ ధరపై’ అని కూడా ఉంది.

లెక్కల గది
ఇది మొదటే చెప్పాల్సింది.

పన్ను లెక్క
సరే, ఇప్పుడు కుదురుతుంది. రెండు సరుకులకూ ఒకే k తీసుకోండి. దాన్ని వ్యాకోచత్వంతో భాగిస్తే s వస్తుంది. అదే పన్ను కలిసిన ధరలో పన్ను వాటా. అక్కణ్ణుంచి మిగతావన్నీ వరసగా వస్తాయి. e వ్యాకోచత్వం, q పన్ను కలిసిన ధర, r ఫ్యాక్టరీ ధర మీద పన్ను రేటు, x అమ్ముడయ్యే ప్యాకెట్లు, R వసూలు.

```
s = k/e
q = 10/(1-s)
r = s/(1-s)
x = 100*(q/10)^(-e)
R = (q-10)*x
```

k = 0.1 పెట్టి చూడండి. ఉప్పుకు s సగం అవుతుంది. అంటే ప్యాకెట్ ధర 20, అందులో పన్ను 10. ఫ్యాక్టరీ ధర మీద అది 100 శాతం. బిస్కెట్లకు s 0.2, ధర 12.50, పన్ను 2.50, అంటే 25 శాతం. వాటాలు 0.5, 0.2 కాబట్టి మీ రెండున్నర రెట్లు అక్కడ భద్రంగానే ఉన్నాయి. ఫ్యాక్టరీ ధర మీదకు మార్చేసరికి అవే నాలుగు రెట్లయ్యాయి. ఉప్పు 87.06 ప్యాకెట్లు పోతుంది, పన్ను 870.55 వస్తుంది. బిస్కెట్లు 89.44 పోతాయి, 223.61 వస్తుంది. కలిపితే 1094.16. జవాబు సరైనదే.

#NUM! ఎందుకొచ్చిందంటే, ఉప్పుకు k విలువ 0.2 కంటే తక్కువ ఉండాలి. మీరు మొదలుపెట్టిన విలువ 0.5 లాంటిదైతే ఉప్పుకు s 2.5 అవుతుంది, ధర సున్నా కంటే కిందికి పోతుంది. రుణ సంఖ్యకు 0.2 ఘాతం Excel కట్టలేదు. 0.05తో మొదలుపెట్టి R మొత్తం 1094 అయ్యేలా Goal Seek నడపండి.

పీజీ రెండో ఏడు
0.5తోనే మొదలుపెట్టాను! మరి 89, 36 సంగతి? దాంతో కూడా సరిగ్గా 1094 వచ్చింది. అదెందుకు తప్పు?

పన్ను లెక్క
వసూలు సరిపోయినంత మాత్రాన అది ఉత్తమం కాదు. 1094 తెచ్చే జతలు లెక్కలేనన్ని ఉంటాయి. చూడాల్సింది అదనపు భారం, అంటే కొనేవాళ్లు పోగొట్టుకున్నదాంట్లోంచి ఖజానాకు చేరింది తీసేస్తే మిగిలేది. 100, 25 వేస్తే అది 68.3 రూపాయలు. మీ 89.4, 35.8 వేస్తే 70.3. రెండింటికీ ఒకే రేటు వేయాలంటే 65 శాతం కావాలి, అప్పుడు 90.9.

మీ తప్పు విలువ రెండు రూపాయలే కావడం గమనించండి. ఉత్తమ బిందువు చుట్టూ నేల దాదాపు చదునుగా ఉంటుంది, అటూ ఇటూ కాస్త జరిగినా పెద్దగా ఎక్కరు. అందుకే Solver పెట్టినప్పుడు అది ముందే ఆగిపోయి ‘దొరికింది’ అంటుంది. రేటు నమ్మే ముందు రెండు సరుకుల దగ్గరా sను eతో గుణించి చూడండి. ఒకే అంకె రావాలి. మీ జతలో ఉప్పుకు 0.094, బిస్కెట్లకు 0.132 వస్తుంది. అక్కడే తెలిసిపోతుంది.

సమాన కోత
ఇక్కడ ఒక పొరపాటు ఉంది. అర్థశాస్త్రవేత్త ఫ్రాంక్ రామ్సే 1927లో ప్రధానంగా చెప్పింది వ్యాకోచత్వం గురించి కాదు. అన్ని సరుకుల అమ్మకాలూ ఒకే శాతం తగ్గేలా పన్ను వేయమన్నాడు. మీ లెక్కలో ఉప్పు 12.9 శాతం తగ్గింది, బిస్కెట్లు 10.6 తగ్గాయి. సమానం కాలేదు. అంటే జవాబు తప్పే.

పన్ను లెక్క
సగం నిజం. వసూలు చాలా చిన్నదైనప్పుడే ఎలాంటి డిమాండ్‌కైనా ఆ మాట నిలుస్తుంది. k = 0.01 పెట్టి చూడండి, ఉప్పు 1.02 శాతం, బిస్కెట్లు 1.01 శాతం తగ్గుతాయి, దాదాపు సమానం. డిమాండ్ సరళరేఖ అయితే పెద్ద పన్నుకూ సరిగ్గా కుదురుతుంది. ఇక్కడ వ్యాకోచత్వం స్థిరం, డిమాండ్ వంపు రేఖ, పన్నేమో ధరను రెట్టింపు చేసేంత. అందుకే తేడా.

సమాన కోత
అలాగైతే దీన్ని రామ్సే సూత్రం అనకూడదు. విలోమ వ్యాకోచత్వ సూత్రం వేరు, రామ్సే సూత్రం వేరు. మొదటిదానికి ఒక సరుకు ధర ఇంకోదాని అమ్మకాన్ని కదిలించకూడదన్న షరతు ఉంది, రెండోదానికి లేదు. టీ, పంచదార లాంటి జత ఇస్తే మీ పట్టిక పనికిరాదు.

పన్ను లెక్క
ఆ షరతు నిజమే, ఒప్పుకుంటాను. ప్రశ్నలో అలాంటి జత లేదు. మీ మాటలో మాత్రం ‘ఆదాయ ప్రభావం, అంటే పన్నుతో జేబు తేలికైనందుకు వచ్చే మార్పు, తీసేసిన అమ్మకాలు’ అని ఉండాలి, దుకాణంలో కనిపించే అమ్మకాలు కావు.

సమాన కోత
పేరు మాత్రం మార్చండి.

చరిత్ర పుటలు
నా మాటకు ఎవరూ జవాబివ్వలేదు. అదనపు భారం 68 అయితేనేం, 70 అయితేనేం? 870 రూపాయలు ఉప్పు కొనేవాళ్ల జేబులోంచి లాగుతున్నారు!

పన్ను లెక్క
మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ లెక్కలో అందరి రూపాయికీ ఒకే విలువ ఇచ్చాం, అందుకే ఉప్పు మీద అంత బరువు పడింది. అది ఊహ మాత్రమే, నియమం కాదు. ఉప్పు ఖర్చులో ఎక్కువ భాగం పేదింటిది అనుకుంటే ఆ రూపాయికి బరువు పెంచాలి. ఎంత పెంచితే ఉప్పు మీద పన్ను సున్నా అవుతుందో ఇదే పట్టికతో తేల్చవచ్చు. 1094 మొత్తం బిస్కెట్ల మీదే వేయాలంటే రేటు 184.5 శాతం. అప్పుడు బిస్కెట్లకు s 0.6486, k 0.324. ఆ స్థితిలో ఖజానాకు ఇంకో రూపాయి తేవడానికి బిస్కెట్ కొనేవాళ్లు 1.48 రూపాయలు పోగొట్టుకోవాలి. ఒకటిని (1 - 0.324)తో భాగిస్తే వచ్చేది అదే. కాబట్టి ఉప్పు కొనేవాడి రూపాయిని బిస్కెట్ కొనేవాడి రూపాయి కంటే ఒకటిన్నర రెట్లు విలువైనదిగా చూస్తే చాలు, ఉప్పును ముట్టుకోకూడదు. ఒకటిన్నర రెట్లు పెద్ద మాటేమీ కాదు, మీరూ నేనూ సులువుగా ఒప్పుకుంటాం. అదనపు భారం 68 నుంచి 280కి పెరుగుతుంది, అది మాత్రం దాచకుండా చెప్పాలి.

కిరాణా వర్తకం గారి సున్నా, 5 శాతం కూడా ఆ వైపు నిలబడ్డ రేట్లే.

చరిత్ర పుటలు
280 బిస్కెట్ కొనేవాళ్ల బాధ. భరించవచ్చు.

లెక్కల గది
ఆ 1.48 ఈ రెండు వ్యాకోచత్వాలకే. ఇంకోచోట వాడొద్దు.

యానాం దారి
ఇదే అదనుగా ఒకటి అడుగుతాను. పెట్రోలు అవసరం కాబట్టి దాని వ్యాకోచత్వం తక్కువ అంటారు కదా. మరి ఆంధ్రాలో పన్ను ఎక్కువగా ఉంటే కాకినాడ వైపు బళ్లు యానాం వచ్చి ఎందుకు పోయించుకుంటున్నాయి? రాష్ట్రానికి ఏ వ్యాకోచత్వం పెట్టాలి? వాడకానిదా, బంకులో అమ్మకానిదా?

పన్ను లెక్క
రాష్ట్ర వసూలుకైతే బంకులో అమ్మకానిది. బళ్లు తాగే పెట్రోలు తగ్గకపోయినా పోయించుకునే చోటు మారితే ఆ రాష్ట్రానికి అమ్మకం పోయినట్టే. సరిహద్దు మండలాలకు అది పెద్దది, లోపలి జిల్లాలకు చిన్నది. రాష్ట్రమంతటికీ ఒకే రేటు ఉన్నప్పుడు రెండింటినీ అమ్మకాల బరువుతో కలపాలి. అయితే యానాం పుదుచ్చేరిది. అక్కడ పెరిగే వసూలును లెక్కలో కలుపుతారా, వదిలేస్తారా అన్నదాన్ని బట్టి సరైన రేటు మారిపోతుంది.

యానాం దారి
కలపాలనే నా ఉద్దేశం. మన జనమే కదా అటూ ఇటూ.

సమాన కోత
రాష్ట్ర ప్రభుత్వం ఎందుకు కలుపుతుంది?

పీజీ రెండో ఏడు
k 0.05తో మొదలుపెట్టాను, 0.1 దగ్గర ఆగింది. s, e గుణిస్తే రెండింటికీ ఒకటే వచ్చింది. అందరికీ థాంక్సండీ. టీ, పంచదార జత రెండో ప్రశ్నలో ఉంది, రేపు అడుగుతాను.