ఇరుకు వంతెన ముందు త్రికోణం బోర్డు: లారీని దాటవచ్చా?

ములుగు_దారి:
కొత్తగా కారు నడుపుతున్నాను. ఇల్లు హనుమకొండలో, ఉద్యోగం ఏటూరునాగారంలో. పస్రా దాటాక అడవిలో మలుపు తిరిగిన వెంటనే వాగు మీద ఒక ఇరుకు వంతెన వస్తుంది. మొన్న అక్కడ నా ముందు ఒక లోడు లారీ 50 వేగంతో పోతోంది. వంతెన ముందు ఎర్ర అంచు త్రికోణం బోర్డు ఉంది కానీ, గుండ్రటి ‘ఓవర్‌టేక్ నిషేధం’ బోర్డు లేదు. లారీ డ్రైవరు కుడి ఇండికేటర్ వేశాడు. వెనుక ఉన్న జీపు ఆపకుండా హారన్ కొట్టింది. నేను మాత్రం లారీ వెనుకే వెళ్లాను. నిషేధం బోర్డు లేనప్పుడు దాటడంలో తప్పు లేదని మా బావ అంటున్నాడు. నిజమేనా? ఆ కుడి ఇండికేటర్‌కు అర్థం ఏమిటి?

పత్తి_మార్కెట్:
మీ బావ చెప్పింది సరైనదే. త్రికోణం హెచ్చరిక, గుండ్రటిది ఆజ్ఞ. ఎర్ర వలయంలో పక్కపక్కన రెండు కార్లు ఉన్న బోర్డు పెడితేనే నిషేధం. అది లేదంటే ఎదురుగా బండి రానప్పుడు దాటవచ్చు. ఎనుమాముల మార్కెట్ సీజన్‌లో ట్రాక్టర్ల వెనుక పడ్డామంటే, దాటకుండా ఊరు చేరడం ఎలా?

పాత_స్టీరింగ్:
నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాడిని. ములుగు రూటు బాగా తెలుసు. బోర్డుల ఆకారం గురించి తమ్ముడు చెప్పింది నిజం. కానీ అక్కడి నుంచి తీసిన తీర్పు తప్పు. బోర్డు ఉంటేనే నిషేధం అని ఎక్కడా లేదు. మలుపు దగ్గర, ఎత్తు ఎక్కే చోట, ముందు రోడ్డు స్పష్టంగా కనిపించని ఏ చోటనైనా దాటకూడదని డ్రైవింగ్ నిబంధనలే చెబుతాయి. ఇరుకు వంతెన సంగతి లెర్నింగ్ లైసెన్సు పరీక్షలోనే అడుగుతారు. కాబట్టి ఆ త్రికోణం ‘ఇదిగో వంతెన’ అని చెబితే చాలు, దాటవద్దన్న మాట అందులోనే ఉంది. గుండ్రటి బోర్డును చూసేవాళ్లకు తెలిసేలా అదనంగా పెడతారు, అంతే.

ఇక ‘ఎదురుగా బండి లేకపోతే’ అన్న మాట. ఇందులోనే ప్రాణాలు పోతున్నాయి. మీ లారీ సంగతే లెక్క వేద్దాం. అది 50లో పోతోంది, మీరు 70లో దాటుతారనుకోండి. తేడా 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. లారీకి 20 మీటర్ల వెనుక నుంచి బయటికి వస్తారు. లారీ పొడవు ఒక పది, మీ కారు నాలుగు, దాటాక మళ్లీ ఎడమకు రావడానికి పాతిక మీటర్లు. మొత్తం 60 మీటర్లు లారీ కంటే ఎక్కువ పోవాలి. దానికి 11 సెకన్లు పడుతుంది. ఆ 11 సెకన్లలో మీ కారు 210 మీటర్లు పోతుంది. ఎదురుగా 80లో వచ్చే కారు 240 మీటర్లు వస్తుంది. అంటే బయటికి తిరిగే క్షణంలో 450 మీటర్ల రోడ్డు ఖాళీగా ఉండాలి, పైగా అదంతా మీ కళ్లకు కనిపించాలి. అడవి మలుపులో మీకు 150 మీటర్లు కనిపించి, అది ఖాళీగా ఉంటే, మిగతా 300 గురించి మీకు ఏమీ తెలియనట్టే.

కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని రాసిన చిన్న రాళ్లు చూసే ఉంటారు. ఒక్కొక్కటి 200 మీటర్లకు. ఇక్కడి నుంచి రెండో రాయి దాటి ఇంకా కొంచెం రోడ్డు కనిపిస్తోందా అన్నది చూడండి. కనిపించకపోతే వెనుకే ఉండండి.

మానేరు_కట్ట:
రోడ్ల పని చేసేవాడిగా ఒక మాట. రోడ్డు డిజైన్‌లో మేము పెట్టుకునే ఓవర్‌టేకింగ్ దూరం 80 వేగానికి 470 మీటర్లు, 100 వేగానికి 640. పెద్దాయన లెక్కకు చాలా దగ్గర. ఆ దూరం కనిపించని చోట మధ్య గీతను విడవకుండా గీస్తాం. మీ వైపు గీత విడవకుండా ఉంటే దాటి వెళ్లకూడదు. పక్కపక్కన రెండు గీతలుండి, మీ వైపుది విడివిడిగా ఉంటే మీరు దాటవచ్చు, ఎదుటివాళ్లు దాటకూడదు. అయితే పాత రోడ్డు మీద గీత చెరిగిపోయి ఉంటుంది. గీత లేదంటే అనుమతి ఉందని కాదు.

నర్సంపేట_స్కూటీ:
నేను ఎదురు నుంచి వచ్చే మనిషిని. రోజూ స్కూటీ మీద బడికి వెళ్లివస్తాను. దాటే కారు ఎదురుగా స్కూటీని చూస్తే ఆగదు, లైటు కొట్టి ‘దిగిపో’ అంటుంది. నేను తారు అంచు దిగి మట్టిలోకి వెళ్లాలి, అంచు జానెడు ఎత్తున ఉంటే స్కూటీ పడిపోతుంది. మీ 450 మీటర్ల లెక్కలో నన్ను కూడా ఎదురు వాహనంగా కలపండి, దయచేసి.

ఇంకొకటి. మా దారిలో ఒక మలుపుకు లోపలి వైపు మొక్కజొన్న చేను ఉంది. చేను కోసిన తర్వాత ఆ మలుపు అవతలి వరకు కనిపిస్తుంది. పంట తల ఎత్తు పెరిగిందంటే బస్సు కూడా కనిపించదు. ‘ఈ మలుపు నాకు తెలుసు’ అని వెళ్లేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

పల్సర్_జనగామ:
బైకుకు ఈ లెక్క వర్తించదు కదా? పొడవు రెండు మీటర్లే, సందులో దూరిపోవచ్చు. అన్నట్టు హైదరాబాద్ రోడ్డు మీద కుడి లేన్‌లో మెల్లగా పోయే ట్రాక్టరును ఎడమ నుంచి దాటితే ఎవరిది తప్పు?

పాత_స్టీరింగ్:
బైకుకు రెండు మీటర్లు తగ్గుతాయి, అంతే. మిగతా దూరం లారీది, ఎదుటి బండిది. సందులో దూరి లారీకీ ఎదుటి కారుకూ మధ్య నిలిచినవాడికి పక్క జాగా ఉండదు. లారీ గాలికి బైకు ఊగుతుంది కూడా. ఎడమ నుంచి దాటడం గురించి: ముందు బండి కుడికి తిరుగుతున్నట్టు సూచించినప్పుడు ఎడమ నుంచి వెళ్లవచ్చు. మీరు అడిగిన నాలుగు వరుసల రోడ్డు సంగతి వేరే చర్చ పెట్టి అడగండి.

ములుగు_దారి:
ఇండికేటర్ సంగతి మిగిలిపోయింది సార్. లారీ వెనుకే ఉంటే ముందు ఏమీ కనిపించలేదు.

పాత_స్టీరింగ్:
మరీ దగ్గరగా ఉండబట్టే కనిపించదు. లారీ తోకకు ఆనుకుని పోతే దాని వెనుక తలుపు తప్ప ఏమీ చూడలేరు. కొంచెం వెనక్కి జరిగితే, ఎడమ మలుపులో లారీ ఎడమ పక్క నుంచి, కుడి మలుపులో కుడి పక్క నుంచి ముందు రోడ్డు తొంగిచూస్తుంది. ఖాళీ వదిలారని వెనుక జీపు హారన్ కొడితే కొట్టనివ్వండి. వంతెన మీద ఇంకో చిక్కు ఉంది. పక్కన దిగడానికి మట్టి అంచు ఉండదు, గోడే ఉంటుంది. మధ్యలో మనసు మార్చుకుని లారీ వెనుకకు రాబోతే, ఆ ఖాళీలోకి ఆ జీపు వచ్చేసి ఉంటుంది.

కుడి ఇండికేటర్ అంటే నా వాడుకలో ‘రావద్దు, ఎదురుగా బండి ఉంది’ అని. ఎడమది వేస్తే ‘వెళ్లు’ అని.

పత్తి_మార్కెట్:
మా వైపు ట్రాక్టరువాళ్లు, లారీవాళ్లు కుడి ఇండికేటర్ వేసి ‘దాటు’ అంటారు. నేను ఎన్నోసార్లు అలాగే దాటాను.

మానేరు_కట్ట:
అదే లారీ నిజంగా కుడికి తిరుగుతుంటే కూడా అదే ఇండికేటర్ వేస్తుంది. ముగ్గురికి మూడు అర్థాలున్న సైగను నమ్మి ఎలా వెళ్తాం? ఇండికేటర్ ఎవరు ఎటు వేసినా, మీ కళ్లకు రోడ్డు కనిపించిందా అన్నదొక్కటే చూడాలని నా మాట.

పత్తి_మార్కెట్:
వంతెన విషయం ఒప్పుకుంటున్నాను. ఇండికేటర్ విషయం ఒప్పుకోను. ఎదుటి రోడ్డు లారీ డ్రైవరుకు నాకంటే పైనుంచి కనిపిస్తుంది.

నర్సంపేట_స్కూటీ:
ఆయనకు నేను కనిపించానో లేదో మీకెలా తెలుస్తుంది?