360 ఫోటోలో ముఖం మార్చేది స్టిచింగ్‌కు ముందా, తర్వాతా?

సుధ: గృహప్రవేశం భోజనాల దగ్గర బల్ల మీద 360 కెమెరా పెట్టి కొన్ని షాట్లు తీశాం. మంచి షాట్‌లో వడ్డిస్తున్న పెద్దమ్మ కళ్లు మూసుకుంది. పైగా ముఖం సాగి, ఫోటో కుడి అంచులో సగానికి తెగింది. వేరే షాట్‌లోని ముఖం పెట్టాలంటే, లెన్సుల బొమ్మలను ఒక్కటిగా అతికించే స్టిచింగ్‌కు ముందు మార్చాలా, తర్వాతా?

కిరణ్: తర్వాతే. ముఖం కత్తిరించి, ఫోటోషాప్‌లో అడ్డంగా కాస్త లాగి అతికించండి. 360లో మనుషులు ఫోటో మధ్యలో అడ్డంగా పోయే గీత దగ్గరే ఉంటారు, అక్కడ సాగుడు తెలియదు.

రామ్మోహన్: మధ్య గీత సంగతి నిజమే కిరణ్ గారూ. కానీ బల్ల మీది కెమెరాకు పక్కనే నిలబడ్డ మనిషి ముఖం దాదాపు 45 డిగ్రీల ఎత్తులో పడుతుంది. అక్కడ వెడల్పు 1.4 రెట్లు. అదీ సమంగా సాగదు, గడ్డం కంటే నుదురు ఎక్కువ సాగుతుంది. చేత్తో లాగితే తల పైభాగం తేడా కొడుతుంది.

సుధ గారూ, షాట్ల మధ్య కెమెరా కదలకుండా, ఆవిడా అక్కడే నిలబడి ఉంటే ఏదీ సరిచేయక్కర్లేదు. రెండింట్లోనూ సాగుడు ఒకటే కాబట్టి లేయర్లుగా పెట్టి మాస్క్ గీస్తే సరిపోతుంది. ఆవిడ జరిగి ఉంటే మాత్రం రెండు ఫోటోల నుంచీ ముఖం ఉన్న భాగాన్ని ffmpeg అనే కమాండ్ టూల్‌తో మామూలు ఫోటోలా తీయండి:

```
ffmpeg -i pano.jpg -vf "v360=e:flat:yaw=180:pitch=45:h_fov=60:v_fov=60:w=1400:h=1400" mukham.png
```

yaw పక్కకు తిరిగే కోణం, pitch ఎత్తు కోణం. ఫోటో అంచు అంటే yaw 180, కాబట్టి తెగిన ముఖం ఇందులో ఒక్కటిగా వస్తుంది. రెండో ఫోటోకు ఆవిడ ఉన్న దిక్కు కోణాలు ఇవ్వండి. 7680 పిక్సెళ్ల పనోరమాకు 1400 చాలు, అంతకు మించి పెంచినా కొత్త వివరం రాదు. ముఖం మార్చాక హగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌లో రెక్టిలీనియర్ లెన్స్, 60 డిగ్రీలు, మొదటి ఫోటో కోణాలే ఇచ్చి 360 ఫోటో రూపమైన ఈక్విరెక్టాంగులర్‌గా వెనక్కి తెచ్చి, ముఖం వరకే మాస్క్ చేసి అతికించండి.

లత: నా ఫోన్ పనోరమాలో మా అబ్బాయి రెండుచోట్ల పడ్డాడు, ఒకచోట ముఖం సగమే ఉంది. దీనికీ ఇదే పద్ధతా?

రామ్మోహన్: కాదండీ. అది సాగుడు కాదు, ఫోన్ తిప్పుతుండగా అబ్బాయి కదిలాడు. విడి ఫ్రేములను ఫోన్ సాధారణంగా సేవ్ చేయదు. సగం ముఖాన్ని చెరిపేసి, అవతలి ముఖాన్ని ఉంచడమే మేలు.

భాస్కర్: అందుకే నేను స్టిచింగ్‌కు ముందే అంటాను. సుధ గారి కెమెరాకు రెండు లెన్సులుంటే, అవి కలిసే చోట ముఖం పడిందేమో చూడండి. అంత దగ్గర్లో రెండు లెన్సులూ ముఖాన్ని వేర్వేరు కోణాల్లో చూస్తాయి. ముక్కు దగ్గర మెట్టులాగా తేడా వస్తుంది. దాన్ని ఏ ప్రొజెక్షనూ సరిచేయదు. ఒక్కో లెన్సు విడిగా తీసిన అసలు ఫిష్‌ఐ ఫైళ్లు తెరిచి, ముఖం మొత్తం ఒకే లెన్సు నుంచి వచ్చేలా మాస్క్ వేసి మళ్లీ స్టిచ్ చేయాలి.

రామ్మోహన్: అతుకు మీద పడితే మీ దారే సరైంది. అయితే లెన్సులు రెండూ చూసే పట్టీ కొన్ని డిగ్రీలే. మీటరు దూరంలో ముఖమే సుమారు 9 డిగ్రీలు. ఒక్క లెన్సులో పూర్తిగా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

భాస్కర్: దొరక్కపోతే ఆ షాట్ వదిలేసి, కళ్లు తెరిచి ఉన్న షాట్‌నే అసలు ఫోటోగా పెట్టుకోవాలి.

సుధ: ఆ షాట్‌లో మా మామయ్య లేడండీ. ఫిష్‌ఐ ఫైళ్లు తెరిచి చూస్తాను.